అన్నీ ఉన్న వంటింటికి రెండు రాళ్లు

మా అక్క వంటింట్లో లేని యంత్రం లేదు. మూడు జార్ల మిక్సీ, టిల్టింగ్ గ్రైండర్, ఫుడ్ ప్రాసెసర్, ఎయిర్ ఫ్రయర్, చపాతీలు ఒత్తే మెషీను, టైమరు పెట్టుకునే ఎలక్ట్రిక్ కుక్కరు. పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా ఒకటి మోసుకొస్తారు. బావగారి షష్టిపూర్తి దగ్గరపడినప్పుడు అక్కకి ఏమివ్వాలో తోచక నేను చాలా రోజులు ఆలోచించాను. చీరలు బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయి. వంట అంటే ప్రాణం కాబట్టి వంటకు సంబంధించిందే ఇవ్వాలి, కానీ మీట నొక్కితే తిరిగే వస్తువు ఇంకొకటి ఇచ్చి ప్రయోజనం లేదు.

అందుకని వస్తువు వైపు నుంచి కాకుండా ఆవిడ రోజూ వండే వంట వైపు నుంచి చూశాను. అక్క ఇంట్లో మధ్యాహ్నం భోజనంలో పప్పు, కూర, పచ్చడి, పులుసు ఉంటాయి. పప్పుకి కుక్కరుని మించింది లేదు. కూరకి మంచి మూకుడు ఉంది. మిగిలిన రెండింటి దగ్గరే తన యంత్రాలు తేలిపోతున్నాయి. పచ్చడి మిక్సీలో మెత్తటి ముద్దవుతోంది, పులుసు స్టీలు గిన్నెలో కాగి అరగంటకే చల్లారుతోంది. ఈ రెండింటికీ మన దగ్గర ఎప్పటినుంచో రెండు రాతి పనిముట్లు ఉన్నాయి. పచ్చడికి రోలు, పులుసుకి రాచ్చిప్ప. ఆ రెండూ, వాటిలో పడే నాలుగు సరుకులూ కలిపి ఇద్దామని నిర్ణయించుకున్నాను.

అయితే రాతి సామాను కొని, రంగు కాగితం చుట్టి ఇచ్చేది కాదు. ఆ సంగతి నేను ఒక నష్టంతో నేర్చుకున్నాను. అంతకు రెండేళ్ల ముందు మేనకోడలు గృహప్రవేశానికి ఒక రాచ్చిప్ప కొనిచ్చాను. ఆ పిల్ల మర్నాడే అందులో సాంబారు పోసి పెద్ద మంట మీద పెట్టింది. పది నిమిషాలకు టప్పున శబ్దం వచ్చి అడుగున అడ్డంగా చీలిక పడింది. కొత్త రాచ్చిప్పని మంటకు అలవాటు చేయాలని నేను చెప్పలేదు, తనకు తెలియదు. కొత్త రోలుదీ అదే కథ. కొన్నరోజునే పచ్చడి నూరితే పంటికింద ఇసుక కరకరలాడుతుంది. కాబట్టి వీటిని బహుమతిగా ఇవ్వాలంటే వాడకానికి సిద్ధం చేసి ఇవ్వాలి. నాకు అందుకు మూడు వారాలు పట్టింది. పని ఎక్కువేమీ కాదు, రోజుకి పావుగంట. కానీ ఆ రోజులు గడవాల్సిందే.

ముందు రోలు సంగతి. రాతి సామాను అమ్మేవాళ్ల దగ్గర అలంకారానికి పనికొచ్చే పాలరాతి రోళ్లు చిన్నవి కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. నున్నటి లోపలి గోడ మీద మిరపకాయ జారుతుందే గాని నలగదు. కావలసింది నల్లరాతి రోలు, ఏడంగుళాల మూతి, నాలుగంగుళాలైనా లోతు ఉన్నది. లోతు లేకపోతే బండ పడ్డప్పుడల్లా ఆవాలు గట్టు మీదకి ఎగురుతాయి. నేను కొన్నది దాదాపు ఎనిమిది కిలోలు. ఇంకా తేలికదైతే దంచేటప్పుడు కదులుతుంది.

కొనేచోటే మూడు పరీక్షలు చేయవచ్చు. గోరుతోనో తాళంచెవితోనో లోపల గట్టిగా గీయండి. పొడి రాలితే అది మెత్తరాయి, ఎన్నాళ్లు వాడినా పచ్చడిలోకి రాలుతూనే ఉంటుంది. తర్వాత నాలుగు చుక్కలు నీళ్లు వేయండి. వెంటనే పీల్చేసుకుంటే రాతిలో సన్నటి రంధ్రాలు ఎక్కువని అర్థం, రేపు అందులో చింతపండు పులుపు, నూనె ఇంకి వాసన పడుతుంది. మూడోది చాలామంది చూడనిది. రోలు అడుగు గుండ్రన, బండ కొస గుండ్రన ఒకదానికొకటి సరిపోవాలి. దుకాణంలో ఒక గుప్పెడు బియ్యం అడిగి రోట్లో వేసి పది పోట్లు వేయండి. బండ కింద మధ్యలో బియ్యం పిండైపోయి, చుట్టూ ఉంగరంలా గింజలు అలాగే మిగిలితే ఆ జత కుదరలేదు. ఇంకో బండ తీసుకుని చూడటమే. నాకు నాలుగో బండ కుదిరింది.

ఇంటికి తెచ్చాక కొబ్బరి పీచుతో, ఉత్త నీళ్లతో తోమాలి. సబ్బు పెట్టకూడదు. రాయి దాన్ని పీల్చి పచ్చడికి ఇస్తుంది. మడ్డి నీళ్లు తగ్గాక ఒక పూట ఆరబెట్టి, అరగంట నానిన గుప్పెడు బియ్యంలో చెంచాడు రాళ్ల ఉప్పు వేసి పది నిమిషాలు నూరాలి. దంచడం మాత్రమే చాలదు, బండని గోడల వెంట తిప్పుతూ రుద్దాలి. మొదటిసారి వచ్చే పిండి సిమెంటు రంగులో ఉంటుంది. అది పారబోసి కడిగి, మర్నాడు మళ్లీ. నాకు ఐదోసారికి పిండి తెల్లగా వచ్చింది. తెల్లబడింది కదా అని ఆగకూడదు. ఆ పిండి చిటికెడు ముందుపళ్ల మధ్య పెట్టి కొరికి చూడాలి. కంటికి కనబడని ఇసుక పంటికి తెలుస్తుంది. ఆరోసారి బియ్యం, ఏడోసారి పచ్చికొబ్బరి ముక్కలు నూరాను. కొబ్బరి నూనె లోపలి గోడకి కాస్త పట్టి, రాయి నల్లగా మెరిసింది.

రాచ్చిప్పకి అంతకన్నా ఓపిక కావాలి, ఎందుకంటే రోలు రాయి గట్టిది, ఇది మెత్తది. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం గుర్తుందా? అదే జాతి రాయి, బలపపు రాయి. గోరు దిగేంత మెత్తన కాబట్టే దాన్ని పాత్రగా తొలచగలుగుతారు. తమిళులు దీన్ని కల్చట్టి అంటారు. ఈ రాయికి రెండు మంచి గుణాలున్నాయి. పులుపుతో దీనికి పేచీ లేదు. కళాయి వెలిసిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పోస్తే కిలుము దిగుతుంది, రాచ్చిప్పలో రాత్రంతా ఉంచినా రుచి మారదు. రెండోది, వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగానే వదులుతుంది. చిక్కు కూడా ఆ రెండో గుణంలోనే ఉంది. మంట తగిలిన అడుగు ఒక్కసారిగా వేడెక్కి ఉబ్బుతుంది, పైఅంచు చల్లగానే ఉంటుంది. ఆ తేడా మరీ ఎక్కువైతే మధ్యలో రాయి చీలుతుంది. మేనకోడలి ఇంట్లో జరిగింది అదే.

కొనేటప్పుడు వేలి కణుపుతో అంచు మీద కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే ఎక్కడో పగులుంది. ఇంటికి తెచ్చి నిండా నీళ్లు పోసి పాత పేపరు మీద రాత్రంతా ఉంచితే, కంటికి అందని పగులు కూడా పేపరు మీద తడి మచ్చగా తెలుస్తుంది. నేను తెచ్చినవాటిలో ఒకటి ఇలా బయటపడి వెనక్కి వెళ్లింది.

కడిగి నీడన ఒకరోజు ఆరబెట్టాక, ఆముదంలో పసుపు కలిపి లోపలా బయటా దట్టంగా పట్టించాను. ఆముదం బదులు నువ్వుల నూనె అయినా సరే. సాయంత్రానికి రాయి అంతా తాగేసి మళ్లీ పాలిపోయింది. మర్నాడు మళ్లీ పట్టించాను. నాలుగు రోజులకి బూడిదరంగు రాయి నల్లబడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఐదు రోజులు అన్నం వార్చిన గంజి గోరువెచ్చగా పోసి, చల్లారేదాకా అందులోనే వదిలేశాను. గంజి, నూనె కలిసి రాతి సందుల్ని పూడుస్తాయి. అప్పుడుగాని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లలేదు. మొదటి రోజు సగానికి బియ్యం కడుగు పోసి, పొయ్యి అన్నిటికన్నా సన్నగా పెట్టి పది నిమిషాలు. దింపకుండా, కదపకుండా అక్కడే పూర్తిగా చల్లారనిచ్చాను. రెండో రోజు పావుగంట, మూడో రోజు ఇరవై నిమిషాలు, నాలుగో రోజు కడుగు మెల్లగా తెర్లేదాకా. మొదట్లో బయటి గోడ మీద నూనె చెమటలా పడుతుంది. అది చూసి కారుతోందని కంగారుపడక్కర్లేదు, తాగిన ఆముదం బయటికి వస్తోందంతే. నీళ్లు బొట్లు బొట్లుగా పడితే మాత్రం పగిలినట్టే.

ఇక సరుకులు. ఇక్కడ నా అభిప్రాయం ఒక్కటే. అన్నీ కలిపిన పెద్ద బుట్టకన్నా, రోజూ వాడే నాలుగైదు సరుకుల్లో అక్క దొరికింది కొనుక్కుని సర్దుకుపోతున్నవి ఏవో చూసి, వాటిలో మేలిరకం తెచ్చివ్వాలి.

అందులో మొదటిది ఇంగువ. మనం డబ్బాల్లో కొనే పొడి దాదాపు ఎప్పుడూ కాంపౌండెడ్ ఇంగువ. డబ్బా మీద పదార్థాల జాబితా చదివితే మైదానో బియ్యప్పిండో, తుమ్మబంకా కనిపిస్తాయి. అసలు ఇంగువ ఒక మొక్క వేరు దగ్గర గాటు పెడితే కారే పాలు గడ్డకట్టగా వచ్చే బంక. ఆ మొక్క ఇరాన్, అఫ్గానిస్తాన్ లాంటి చలి ఎక్కువైన పొడి కొండల్లో పెరుగుతుంది, మనకి అక్కణ్నుంచే దిగుమతి. మనదేశంలో సాగు ప్రయత్నం 2020 అక్టోబరులో గాని మొదలవలేదు, అదీ హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. ముద్ద ఇంగువ కొంటే, చిన్న ముక్క నీళ్లలో వేసి చూడండి, మెల్లగా కరిగి నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఘాటు ఎక్కువ కాబట్టి పొడి చిటికెడు వేసేచోట ఇది మిరియపు గింజంత చాలు. గాజుసీసాలో బిర్రుగా మూత బిగించి ఇవ్వాలి, లేకపోతే అలమరంతా అదే వాసన. గోధుమ పడనివాళ్లు ఇంట్లో ఉంటే మైదా కలిసిన ఇంగువ వాళ్లకి పనికిరాదు, ఇచ్చేముందు ఆ మాట కనుక్కోవడం మంచిది.

రెండోది ఎండుమిరప. రోటి పచ్చడికి ఒకే రకం చాలదని నా నమ్మకం. గుంటూరు సన్నం కారం ఇస్తుంది. రంగు కోసం కర్ణాటక బ్యాడిగి గాని, వరంగల్ వైపు పండే చపాటా గాని కలిపితే పచ్చడి ఎర్రగా వస్తుంది, నోరు మండదు. చపాటా కాయ పొట్టిగా, లావుగా చిన్న టమాటాలా ఉంటుంది. కొత్త పంట మాఘ ఫాల్గుణాల నుంచి మార్కెట్టుకు వస్తుంది, కాబట్టి ఉగాది ముందు ఇచ్చే బహుమతికి ఇది సరైన కాలం. తొడిమ ఉన్న కాయలే తీసుకోవాలి, తొడిమ తీసేసినవాటిలోకి చెమ్మ పోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గింజలు గలగలమనాలి. పాలిపోయి తెల్లమచ్చలు పడ్డవి నిరుటివి. కారం పొడిగా కొట్టించి ఇవ్వొద్దు, కాయగానే ఇవ్వండి. వేయించి నూరుకునే మనిషికి పొడితో పనిలేదు.

చింతపండు కూడా ఆ రోజుల్లోనే కొత్తది వస్తుంది. ఈనెలు, గింజలు తీసి, రాళ్ల ఉప్పు చల్లి జాడీలో పెట్టి ఇచ్చాను. గానుగ నువ్వుల నూనె, మా వైపు పప్పునూనె అంటాం, అర లీటరు సీసా చాలు. ఎక్కువిస్తే వాడేలోపు మక్కు వాసన వస్తుంది.

షష్టిపూర్తి హడావిడి అయ్యాక, మర్నాటి సాయంత్రం రెండు రాళ్లూ తీసుకెళ్లి గట్టు మీద పెట్టాను. అక్క రోలు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఎనిమిది కిలోల రాయి మోసుకొచ్చావేంటే! నా నడుం సంగతి తెలిసే తెచ్చావా?”

“తెలిసే తెచ్చానక్కా. నేలమీద కూర్చోనక్కర్లేదు, గట్టు మీదే నిలబడి నూరుకోవచ్చు. కింద ఈ రబ్బరు షీటు వేసుకో, జరగదు, చప్పుడూ తక్కువ.”

ఇది చిన్న విషయం కాదు. నడుం, మోకాళ్లు నొప్పులున్న మనిషికి నేలరోలు ఇవ్వకూడదు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకైతే ఏ రోలూ వద్దు, రాచ్చిప్ప ఒక్కటి ఇవ్వండి. ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉన్న ఇంటికి రాచ్చిప్ప పనిచేయదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి గాజు పలక పొయ్యిలుంటే కూడా దాని జోలికి పోకుండా ఇంగువ, మిరపకాయలతో సరిపెట్టడం మేలు.

మర్నాడు ఇద్దరం కలిసి దోసకాయ పచ్చడి చేశాం. పావుకిలో దోసకాయ చెక్కు తీసి, ముక్కా గింజా రుచి చూశాం. ఒక్కో కాయ చేదుంటుంది, ఆ చేదుకి మందు లేదు, మార్చేయడమే. ముక్కలు శనగగింజంత తరిగి పక్కన పెట్టాం. రెండు చెంచాల పప్పునూనెలో చెంచాన్నర మినప్పప్పు, అర చెంచా ఆవాలు, పది మెంతిగింజలు, ఐదు సన్నం మిరపకాయలు, మూడు చపాటాలు, చివర్న ఇంగువ ముక్క. ఇంగువ నూనెలో పొంగి గుల్లవగానే దింపి, పూర్తిగా చల్లారనిచ్చాం. వేడిమీద దంచితే మిరపకాయ మెత్తబడి నలగకుండా సాగుతుంది.

రోట్లో వరుస ముఖ్యం. ముందు మిరపకాయలు, ఉప్పు. రాళ్ల ఉప్పు ఇసుకలా పనిచేసి తోలుని చీలుస్తుంది. అవి పొడయ్యాక పప్పు, ఆవాలు, మెంతులు, కచ్చాపచ్చాగా. తర్వాత నిమ్మకాయలో సగమంత చింతపండు, నీళ్లు చల్లి మెత్తబరిచింది. అన్నీ ముద్దగా కలిశాక చివర్న దోసకాయ ముక్కలు వేసి ఐదారు పోట్లు, అంతే. సగం ముక్కలు చితికి నీరొదులుతాయి, ఆ నీరే పచ్చడికి చాలు. మిగతా సగం పంటికింద కరకరలాడతాయి. మిక్సీలో ఈ వరుస కుదరదు. ఇద్దరికి సరిపడే కొద్దిపాటి మిరపకాయలు జారు గోడలకి తన్నుకుని పైన కూర్చుంటాయి. బ్లేడుకి అందాలంటే నీళ్లు పోయాలి, నీళ్లు పోస్తే అన్నీ ఒకేలా మెత్తబడతాయి. బ్లేడు కోస్తుంది, బండ నలుపుతుంది. అక్క మొదటి ముద్ద తిని కాసేపు మాట్లాడలేదు. “అమ్మ చేసినట్టుందే,” అంది తర్వాత.

పులుసు సంగతి ఇంకోలా సాగింది. బెండకాయ పులుసు సన్నటి సెగ మీద తెర్లుతుంటే, ముక్క ఉడికేదాకా ఆగుతానంది అక్క. ముక్క ఇంకా కాస్త గట్టిగా ఉన్నప్పుడే పొయ్యి ఆపించాను. ఆపాక కూడా పులుసు ఐదారు నిమిషాలు బుడగలు కక్కుతూనే ఉంది. ఆ వేడికే ముక్క ఉడికింది. స్టీలు గిన్నె అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే పొరపడతారు, ఉడికాక ఆపితే బెండకాయ జిగురై విడిపోతుంది. పోపు వేరే గరిటెలో వేసి పోశాం. ఖాళీ రాచ్చిప్పలో నూనె కాచడం, కాగుతున్నదాంట్లో చన్నీళ్లు పోయడం, దింపి తడి గట్టు మీద పెట్టడం, ఈ మూడూ చేయనని అక్క చేత మాట తీసుకున్నాను. కడగడానికి శనగపిండి, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి పీచు. రెండున్నరకి తినేటప్పుడు పులుసు ఇంకా పొగలు కక్కుతోంది.

నెల తర్వాత అక్క ఫోను చేసి, రోలు నున్నబడిపోతే ఏం చేయాలే అని అడిగింది. వీధుల్లో రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు ఇప్పుడు అరుదుగా వస్తున్నారు గాని, రాతి సామాను అమ్మేచోట అడిగితే ఉలితో కొట్టిపెడతారు. ఎప్పుడు కొట్టించాలో రోలే చెబుతుంది. వేయించిన ఆవాలు బండ కింద చిట్లకుండా పక్కకి జారుతున్నాయంటే గంట్లు అరిగినట్టు. కొట్టించి తెచ్చాక మళ్లీ బియ్యం నూరి పారబోయాలి, పంటితో కొరికి చూసుకోవాలి, మొదట్లో చేసినట్టే. ఇంట్లో ఇద్దరే కదా, ఏళ్లు పడుతుందిలే అన్నాను. “అప్పటికి నువ్వే వచ్చి తీసుకెళ్లి కొట్టించుకురా, నేను మోయలేను,” అంది.